పెద్దాయన ఫ్యామిలీ ఫొటో పంపారు... రిప్లైలో ఒక్క 'గారు' పెడితే సరిపోతుందా?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పక్కింటి బాబాయ్ గారికి కొత్త ఫోన్ సెలెక్ట్ చేసి పెట్టాను. ఆయన హైస్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. ఆయన అడిగినవి మూడే మూడు. అక్షరాలు పెద్దగా కనపడాలి, ఛార్జింగ్ రెండు రోజులు రావాలి, ఫొటో తీస్తే మొహాలకి సున్నం కొట్టినట్టు ఉండకూడదు. ఆ మూడో కండిషన్ కోసం కెమెరాలో బ్యూటీ మోడ్ మొత్తం సున్నాకి లాగేసి, ఫాంట్ సైజు పెంచేసి, హోమ్ స్క్రీన్ మీద వాట్సాప్ పెట్టేసి హైదరాబాద్ వచ్చేశాను.

రెండు వారాలకి ఆయన దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. కింద ఆయనే ఓపిగ్గా తెలుగులో టైప్ చేసుకున్న క్యాప్షన్: "మా ఆవిడ, మా వాడు, కోడలు, మనవరాలు. వెనక గోడ మీద మా నాన్నగారు."

నేను మెట్రోలో నిలబడి ఉన్నాను. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక బొటనవేలు కీబోర్డ్ మీద. పంపిన రిప్లై ఇది, సిగ్గుపడుతూనే ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

"సూపర్ బాబాయ్! కెమెరా కేక. మీ ఆవిడ క్యూట్‌గా ఉంది. మీ వాడు ఎప్పుడొచ్చాడు? వెనకాల ఫొటోలో ఉన్నాడెవరు?"

రెండు టిక్కులు నీలం అయ్యాయి. అంతే. రోజూ పొద్దున్నే ఐదున్నరకి సూర్యుడి బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపే మనిషి మూడు రోజులు ఏమీ పంపలేదు. నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసి, "ఆయన్ని ఏమన్నావురా నువ్వు?" అంది. అప్పుడు తెలిసింది. ఆయన నా రిప్లైని పిన్ని గారికి, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్యకి కలిపి పైకి చదివి వినిపించారట. చివరి లైన్ దగ్గర ఆగిపోయారట. ఆ ఫొటో ఆయన తీయించిందే నాలుగు తరాలు ఒకే ఫ్రేమ్‌లో పడాలని. అందుకే అందరినీ హాల్లో ఆ గోడ కిందే కూర్చోబెట్టారు. నేనేమో ఆయన నాన్నగారిని "ఉన్నాడెవరు" అన్నాను.

ఫోన్లో వచ్చే ఏ మెసేజ్‌కైనా మనం ఇచ్చే రిప్లైలో రెండు పార్టీలు ఉంటాయి: పంపినవాళ్లు, మనం. ఫ్యామిలీ ఫొటో వచ్చినప్పుడు అలా కాదు. ఈ ఫొటోలో ఐదుగురున్నారు, పంపినాయనతో కలిపి ఆరుగురు. ఒక్కొక్కరిదీ ఒక్కో వయసు, ఒక్కో వరస. తెలుగులో వీళ్ల గురించి ఒక్క మాట అనాలన్నా ఆ మాట చివర మర్యాద ఎంతో చెప్పకుండా వాక్యం పూర్తవదు. మొదట్లో ఒక 'గారు' పెట్టేసి మిగతాది మామూలుగా కొట్టేస్తే పని జరగదు. నేనైతే ఆ ఒక్క 'గారు' కూడా పెట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

'మా ఆవిడ'కి రిప్లై 'మీ ఆవిడ' కాదు

నా రిప్లైలో పెద్ద తప్పు ఇక్కడే ఉంది, పైగా ఇది తప్పులా కనపడదు. ఆయన 'మా ఆవిడ' అన్నారు, నేను 'మీ ఆవిడ' అన్నాను. ఆయన 'మా వాడు' అన్నారు, నేను 'మీ వాడు' అన్నాను. 'మా' తీసి 'మీ' పెట్టాను, గ్రామర్ ప్రకారం పర్ఫెక్ట్. మరి సమస్యేంటి?

తెలుగులో పెద్దవాళ్లు తమ ఇంట్లోవాళ్ల గురించి బయటివాళ్లకి చెప్పేటప్పుడు మాటని ఒక మెట్టు కిందికి దించి చెప్తారు. భార్యని 'మా ఆవిడ' అంటారు, నలభై ఏళ్ల కొడుకుని 'మా వాడు' అంటారు. అది ఆయన చనువు, ఆయన హక్కు. ఆ మెట్టు మీదకి నేను దిగకూడదు. ఆయన స్నేహితుడైతే, మా నాన్నైతే, 'మీ వాడు ఎప్పుడొచ్చాడండి' అని అడగొచ్చు. ఆ కొడుకు నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాకు అతను 'మీ వాడు' కాదు, అన్నయ్య. ఆవిడ నాకు 'మీ ఆవిడ' కాదు, పిన్ని గారు.

కాబట్టి క్యాప్షన్‌లో ఉన్న మాటని కాపీ కొట్టకూడదు. దాన్ని మన వైపు నుంచి మళ్లీ పేరు పెట్టుకోవాలి. ఆయనకి భార్య అయిన మనిషి నాకేమవుతారు? ఆయనకి కొడుకు అయిన మనిషి నాకేమవుతాడు?

ఇంకో సంగతి ఆ క్యాప్షన్‌లోనే ఉంది, నేను అప్పుడు చూడలేదు. భార్యకి, కొడుక్కి, కోడలికి 'గారు' పెట్టని మనిషి తండ్రికి మాత్రం 'మా నాన్నగారు' అన్నారు. అంటే కిందివాళ్ల దగ్గర, సొంతవాళ్ల దగ్గర దించారు, పైవాళ్ల దగ్గర దించలేదు. ఆయనే దించని చోట నేను ఏకంగా 'ఉన్నాడు' అనే వరకు దించేశాను. క్యాప్షన్ రెండోసారి చదివి ఉంటే సెట్టింగ్స్ మొత్తం అక్కడే కనపడేవి.

మర్యాద ఉండేది క్రియ చివర్లో

'గారు' కంటికి కనపడే బ్యాడ్జ్ లాంటిది. అసలు ప్రాసెసింగ్ జరిగేది క్రియలో. 'ఉండు' అనే ఒక్క మాట తీసుకోండి. మగవాడైతే ఉన్నాడు. ఆడమనిషైతే ఉంది. గౌరవంగా అయితే ఇద్దరికీ ఉన్నారు. ఇక్కడ ఆడవాళ్ల విషయంలో తెలుగు ఒక గొయ్యి తవ్వి పెట్టింది. ఏకవచనంలో స్త్రీకి వాడే 'ఉంది', వస్తువుకి వాడే 'ఉంది' రెండూ ఒకటే. ఫొటో బాగుంది, కెమెరా బాగుంది, పిన్ని బాగుంది. నా మెసేజ్‌లో 'కెమెరా కేక' పక్కనే 'మీ ఆవిడ క్యూట్‌గా ఉంది' వచ్చి కూర్చుంది. చదివేవాళ్లకి రెండూ ఒకే స్పెక్ షీట్‌లో రెండు ఫీచర్లలా వినపడ్డాయి.

ఇంట్లో సొంత అమ్మని 'అమ్మ బాగుంది' అంటాం, అందులో తప్పేమీ లేదు. అక్కడ దగ్గరితనమే మర్యాద. పక్కింటి పెద్దావిడ గురించి ఆవిడ భర్తకే రాసేటప్పుడు మాత్రం 'పిన్ని గారు బాగున్నారు' అనాల్సిందే.

'గారు' పెట్టి క్రియ మర్చిపోవడం అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు అని నా అనుమానం. 'తాతగారు బాగున్నాడు' అని రాస్తే టై కట్టుకుని చెప్పుల్లేకుండా ఆఫీసుకి వచ్చినట్టుంటుంది. రివర్స్‌లో, 'గారు' లేకపోయినా క్రియ సరిగ్గా ఉంటే చాలాసార్లు మాట నిలబడుతుంది. 'అన్నయ్య, వదిన ఎప్పుడొచ్చారు?' అన్నదాంట్లో ఎక్కడా 'గారు' లేదు, అయినా ఏ లోటూ వినపడదు. రెండిట్లో ఒక్కటే చూసుకునే టైముంటే క్రియనే చూసుకోండి.

'గారు' పెట్టినప్పుడు ఇంకో చిన్న విషయం. పిలిచేటప్పుడు చివర సాగుతుంది: 'బాబాయ్ గారూ'. దాని వెనక కి, ని, తో లాంటివి వస్తే 'గారు' కాస్తా 'గారి' అవుతుంది: పిన్ని గారికి, పిన్ని గారితో. ఫాస్ట్‌గా టైప్ చేసేటప్పుడు కీబోర్డ్ ముందే 'గారు' అని సజెస్ట్ చేస్తుంది, మనం నొక్కేస్తాం, తర్వాత 'కి' తగిలిస్తాం. 'పిన్ని గారుకి' అని వెళ్లిపోతుంది. ఎవరూ కోప్పడరు గానీ, రిటైరైన టీచర్‌కి పంపుతున్నామని మర్చిపోకండి.

వరస ఒకటి మారితే చైన్ మొత్తం మారుతుంది

'అంకుల్, ఆంటీ' అనేస్తే ఈ గొడవే ఉండదు కదా అనొచ్చు. ఉండదు. చాలామందికి అది చాలు కూడా, 'అంకుల్ గారూ, ఆంటీ గారు చాలా బాగున్నారు' అంటే మర్యాదలో లోపమేమీ లేదు. కానీ ఫొటోలో మిగతావాళ్ల దగ్గరికి వచ్చేసరికి అంకుల్ సాయం చెయ్యడు. అంకుల్ కొడుకుని ఏమనాలి? గోడ మీదున్న అంకుల్ వాళ్ల నాన్నని ఏమనాలి? తెలుగు వరసలో ఒక్కరిని ఫిక్స్ చేస్తే మిగతావాళ్లందరూ ఆటోమేటిక్‌గా ఫిక్స్ అవుతారు. ఆయన బాబాయ్ అయితే, భార్య పిన్ని, నాకంటే పెద్దయిన కొడుకు అన్నయ్య, కోడలు వదిన, బాబాయ్ తండ్రి నాకు తాతగారు. ఆలోచించాల్సిన పనే లేదు.

అదే మనిషిని 'మావయ్య గారూ' అని మొదలుపెట్టామనుకోండి. భార్య అత్తయ్య గారు, కొడుకు బావ, కోడలు అక్క వరసో చెల్లి వరసో అవుతుంది. ఆయనకి పెళ్లికాని కూతురుంటే ఆ అమ్మాయి వరసకి మరదలో వదినో అవుతుంది, అంటే పెళ్లి చేసుకునే వరస. మా ఇంట్లో పక్కింటివాళ్లని బాబాయ్, పిన్ని అని పిలవడం నేర్పించడానికి ఇదే కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాబట్టి ఫొటోలో ఎవరెవరున్నారో చూడకుండా కొత్త వరస కలిపేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆయన్ని ఇప్పటికే ఏమని పిలుస్తున్నారో కనుక్కుని దాని నుంచే లెక్క కట్టుకోండి.

వయసు లెక్క కూడా ఒక సమస్యే. యాభై ఎనిమిదేళ్లాయన మనవడితో దిగిన ఫొటో పంపితే ఉత్సాహంగా 'తాతగారూ' అనేస్తాం. ఆ బాబుకి తాత, మనకి కాదు. ఎలా పిలవాలో అస్సలు తెలియకపోతే 'అండి' ఒక్కదాని మీద బండి లాగించొచ్చు: 'ఫొటో చాలా బాగుందండి, అందరూ కళకళలాడుతున్నారు'. ఎవరినీ ఏ వరసతోనూ పిలవకుండానే మర్యాద పూర్తయింది. 'మీరు చాలా బాగున్నారు' అని మాత్రం ఆపేయకండి. ఆ 'మీరు' ఆయన ఒక్కరా, అందరూనా అనేది తెలీదు. 'మీరందరూ' అంటే గొడవ లేదు.

నాలుగేళ్ల పాపకి 'గారు' పెట్టకండి

భయం పట్టుకున్నాక ఇంకో ఎక్స్‌ట్రీమ్‌కి వెళ్తాం. 'మీ మనవరాలు గారు చాలా బాగున్నారు' అని రాస్తే అది వెటకారం అయిపోతుంది. చిన్నపిల్లల దగ్గర ముద్దే మర్యాద: 'పాప ఎంత ముద్దుగా ఉందో'. ఇక్కడ 'ఉంది' కరెక్ట్. అదే 'ఉంది' పిన్ని గారి దగ్గర తప్పు, పాప దగ్గర ఒప్పు. 'క్యూట్' అన్న మాట కూడా పాపకి పెట్టాల్సింది, నేను పిన్ని గారికి పెట్టాను.

పిల్లల్ని పొగిడేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. లావుగా, బొద్దుగా, తెల్లగా లాంటి మాటలు పెద్దవాళ్లకి దిష్టిలా తగులుతాయి. వాళ్లే 'దిష్టి తగులుతుంది' అనుకునే లోపు మనమే 'దిష్టి తగలకూడదు' అని చివర తగిలిస్తే హాయిగా ఉంటుంది. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ పాయింట్ కాదు, అది మెసేజ్‌కి ఎండ్ ట్యాగ్ లాంటిది. పాపకి ఎవరి పోలిక వచ్చిందో చెప్తే ఇంకా మంచిది. 'అచ్చం పిన్ని గారి పోలికే' అంటే ఒక్క దెబ్బకి ఇద్దరిని పొగిడినట్టు.

గోడ మీద ఫొటో

పెద్దవాళ్లు పంపే గ్రూప్ ఫొటోల్లో వెనక గోడని జూమ్ చేసి చూడండి. దండ వేసిన ఫొటో, పక్కన చిన్న జీరో బల్బు ఉండే అవకాశం బాగా ఉంది. క్యాప్షన్‌లో దాని ప్రస్తావన ఉందంటే అది పొరపాటున ఫ్రేమ్‌లో పడింది కాదు, కావాలని పెట్టింది.

ఇక్కడ రెండు సంగతులు. ఒకటి, మనిషి లేకపోయినా గౌరవం పోదు. 'ఉన్నాడెవరు' కాదు, 'ఉన్నది తాతగారేనా అండి' అని అడగాలి. ఇక్కడ 'ఉన్నది' ఫొటోకి చెందుతుంది, మనిషికి 'తాతగారు' దక్కింది, అందుకే ఇబ్బంది లేదు. రెండు, ఆయన గురించి ఏదైనా అడగాలనుకుంటే జరిగిపోయిన కాలంలో అడగాలి, క్రియ చివర అదే జాగ్రత్తతో: 'తాతగారు ఏం చేసేవారండి?' 'చేసేవాడు' అంటే మళ్లీ మొదటికొస్తాం. సినిమావాళ్లు పోయినప్పుడు మనం టైప్ చేసే మూడు ఇంగ్లీష్ అక్షరాలు ఇక్కడ పెట్టకండి. ఆయన పోయి ముప్పై ఏళ్లయి ఉండొచ్చు, ఇంట్లోవాళ్లు పంపింది పరామర్శ కోసం కాదు.

కీబోర్డ్ చేసే మోసాలు

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. తెలుగు తెలిసినా తప్పు పోయే చోట్లు ఉన్నాయి. మనలో ఎక్కువమంది వాడేది ఇంగ్లీష్ అక్షరాలు కొడితే తెలుగొచ్చే లేఅవుట్, జీబోర్డ్‌లో abc → తెలుగు. అందులో unnaru, unnadu మధ్య తేడా ఒక్క అక్షరం. కీబోర్డ్ మీద r, d పక్కపక్కనే, పైవరసలో ఒకటి, దాని కిందివరసలో ఇంకొకటి. బొటనవేలు కాస్త కిందికి జారితే చాలు, గౌరవం కూడా జారిపోతుంది. ఆటోకరెక్ట్ పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

రెండోది 'అండి'. ఇంగ్లీష్‌లో andi కొడితే అండి, అంది రెండూ సజెషన్‌లో రావచ్చు. bagundandi కొట్టి చూడకుండా స్పేస్ నొక్కితే 'బాగుందండి' బదులు 'బాగుందంది' పడొచ్చు. అంటే బాగుందని ఎవరో ఆవిడ చెప్పినట్టు అర్థం. చిన్న ఫాంట్‌లో డ, ద తేడా మనకి కనపడకపోవచ్చు, బాబాయ్ గారి ఫోన్లో ఫాంట్ పెద్దది, పెంచింది నేనే.

రెడీమేడ్ రిప్లైలు, ట్రాన్స్‌లేషన్ యాప్‌ల మీద ఆధారపడొద్దు అనడానికి కారణం కూడా ఇదే. ఇంగ్లీష్ వాక్యంలో you ఒక్కటే, is ఒక్కటే. అవతల ఉన్నది పాపా, పిన్ని గారా, గోడ మీది తాతగారా అనే సమాచారం ఆ వాక్యంలో లేనే లేదు. లేని సమాచారాన్ని యాప్ ఊహించి పెట్టాల్సిందే. ఇంగ్లీష్‌లో ఆలోచించి రాసిన పొగడ్త కూడా అంతే. 'మీరు యవ్వనంగా కనిపిస్తున్నారు' అంటే డెబ్బై ఏళ్లాయన నవ్వాలో ఏం చెయ్యాలో తెలీక చూస్తారు. 'వయసే కనపడట్లేదండి' అంటే వెంటనే అర్థమవుతుంది.

తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి పంపడం ఫ్రెండ్స్ మధ్య ఓకే. కానీ ఆయన తెలుగులో క్యాప్షన్ రాశారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. దానికి తెలుగు లిపిలోనే జవాబిస్తే బాగుంటుంది, చదవడమూ ఆయనకి తేలిక.

ఒక పనికొచ్చే సెట్టింగ్ చెప్తాను. తరచూ రాసే పిలుపుల్ని షార్ట్‌కట్‌గా సేవ్ చేసుకోండి. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో Dictionary → Personal dictionary లోకి వెళ్లి, 'బాబాయ్ గారూ' అని టైప్ చేసి షార్ట్‌కట్‌గా bgr లాంటిది ఇవ్వండి. ఐఫోన్‌లో అయితే Settings → General → Keyboard → Text Replacement. నేను నాలుగు పెట్టుకున్నాను: బాబాయ్ గారూ, పిన్ని గారు, చాలా బాగుందండి, ఎలా ఉన్నారండి. మెట్రోలో ఒక చేత్తో కొట్టినా తప్పు పోదు.

తప్పు పోయిందని వెంటనే చూసుకుంటే వాట్సాప్‌లో మెసేజ్ మీద కాసేపు నొక్కి పట్టుకుని Edit కొట్టొచ్చు, పంపిన 15 నిమిషాల వరకే. డిలీట్ మాత్రం చెయ్యకండి. మెసేజ్ తీసేసినట్టు అక్కడ కనపడుతూనే ఉంటుంది, 'ఏదో పంపి తీసేశావేంట్రా' అని ఫోన్ వస్తుంది.

ఇదంతా గోదావరి జిల్లా లెక్క

నేను చెప్పినవన్నీ మా వైపు వాడుక. 'అండి', 'గారు' మా వైపు ఊపిరిలాగా వాడతారు. కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్‌కి ఇదంతా కాస్త నాటకంలా అనిపిస్తుంది. వాళ్లింట్లో పిలుపులోనే గౌరవం ఉంటుంది, తాతా, కాకా, చిన్నమ్మా, అత్తమ్మా. వాళ్ల తాత ఫొటో పెడితే వాడు 'తాతా, ఫొటో మస్తుంది, నువ్వు మంచిగున్నవ్' అని రాస్తాడు, తాత మురిసిపోతాడు. ఒకసారి నా రిప్లై చూసి వాడు కూడా తాతకి 'మీరు ఎలా ఉన్నారండి తాతగారూ' అని పంపాడు, సరదాకి. 'ఏమైందిరా, కోపమా?' అని ఫోన్ వచ్చింది. దగ్గరివాళ్ల దగ్గర అకస్మాత్తుగా 'మీరు' అంటే దూరం పెట్టినట్టే.

అందుకే ఎవరి ప్రాంతం గురించైనా ఊహించకుండా, ఆ మనిషి పాత మెసేజ్‌లు రెండు పైకి స్క్రోల్ చేసి చూడండి. మన నాన్నని ఆయన ఎలా పలకరిస్తున్నారు, వాళ్ల పెద్దవాళ్ల గురించి ఏ క్రియ వాడుతున్నారు? అదే మీ డిఫాల్ట్. వాడి తాత అయితే 'ఆయన వచ్చిండు' అన్నా తప్పు పట్టుకోడు. మా బాబాయ్ గారు మూడు రోజులు గుడ్ మార్నింగ్ మానేస్తారు.

మళ్లీ పంపిన రిప్లై

15 నిమిషాలు కాదు, నాలుగు రోజులు దాటిపోయాయి కాబట్టి ఎడిట్ ఆప్షన్ లేదు. అదే ఫొటోని రిప్లైలో ట్యాగ్ చేసి, ఈసారి ఇంట్లో కూర్చుని రాశాను:

"బాబాయ్ గారూ, ఆరోజు తొందరలో సరిగ్గా చూడకుండా ఏదో రాసేశాను, ఏమీ అనుకోకండి. ఫొటో చాలా నిండుగా ఉందండి. మీరూ పిన్ని గారూ హాయిగా నవ్వుతున్నారు. అన్నయ్య, వదిన ఎప్పుడొచ్చారండి, ఎన్నాళ్లుంటారు? పాప అచ్చం పిన్ని గారి పోలికే, దిష్టి తగలకూడదు. గోడ మీద ఉన్నది తాతగారే కదండీ. నేను ఆయన్ని చూడలేదు. మీ నుదురు, కళ్లు అన్నీ ఆయనవే. ఏం చేసేవారండి?"

కెమెరా గురించి ఒక్క ముక్క లేదు. చెప్పాలంటే ఆ ఫొటోలో కిటికీ వెలుతురుని ఫోన్ బాగానే హ్యాండిల్ చేసింది, గోడ మీది గ్లాస్ ఫ్రేమ్ కూడా మెరవలేదు. అది తర్వాత ఎప్పుడైనా చెప్తాను.

పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. నాలుగు నిమిషాలు. తాతగారు కరణం దగ్గర లెక్కలు రాసేవారట, సైకిల్ మీద ఊళ్లు తిరిగేవారట, ఆ ఫొటో రాజమండ్రి స్టూడియోలో దిగిందట, కోటు స్టూడియోవాళ్లదట. చివర్లో పక్కనుంచి పిన్ని గారి గొంతు వినపడింది: "క్యూట్ అన్నాడని నేనేమీ అనుకోలేదని చెప్పండి వాడికి. వెనక ఫ్యాన్ కూడా పడింది, అది తీసెయ్యడం వచ్చేమో అడగండి."